క18 అంటే తొంభై ఎనిమిది: డెల్ఫ్ ఏ1 లిజనింగ్‌లో నోట్స్ రాసుకోవడం

మొదటి మాక్ టెస్ట్‌లో నాకు లిజనింగ్‌లో 25కి 7 వచ్చాయి. ఏమీ రాసుకోకపోవడం వల్ల తగ్గాయా అంటే అదీ కాదు. పేపర్ మార్జిన్ నిండా నోట్సే. ఆ పేపర్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. మొదటి మెసేజ్ పక్కన, ఫోన్ చేసినవాడి పేరు, "నీకు ఫోన్ చేస్తున్నాను" అన్న ముక్క స్పెల్లింగ్‌తో సహా ఫ్రెంచ్‌లో పొందిగ్గా రాసి ఉన్నాయి. ఆ తర్వాత ఖాళీ. "ఆపెల్" అన్న మాటలో ఎల్ ఒకటా రెండా అని నేను ఆలోచిస్తుండగానే ఆ నికొలా తన మాట ముగించి ఫోన్ పెట్టేశాడు. టైమ్, చోటు, ధర అన్నీ ఆ తర్వాతే చెప్పాడు.

పేపర్ దిద్ది ఇచ్చిన మా మేడమ్, "నువ్వు డిక్టేషన్ రాశావమ్మా, లిజనింగ్ కాదు" అన్నారు. అప్పుడు చిన్నబుచ్చుకున్నాను కానీ అక్కణ్ణుంచే అసలు విషయం అర్థమవడం మొదలైంది. మన కాలేజీలో ఈ ఏడాది డెల్ఫ్ రాస్తున్నవాళ్లు ఇంకొందరు ఉన్నారు కాబట్టి, తర్వాతి రెండు నెలల్లో నేను మార్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. వ్యాకరణం జోలికి పోను. నోట్స్ వరకే.

పరీక్ష తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. డెల్ఫ్ అనేది ఫ్రాన్స్ విద్యాశాఖ ఇచ్చే డిప్లొమా, ఏ1 అందులో తొలి మెట్టు. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25. మొత్తం వందలో 50 వస్తే పాస్. కానీ ఏ భాగంలోనైనా 5 కంటే తక్కువ వస్తే, మిగతా మూడింట్లో ఎంత బాగా రాసినా డిప్లొమా రాదు. నా 7 ఆ గీతకి ఎంత దగ్గరో చూడండి. లిజనింగ్ సుమారు 20 నిమిషాలు ఉంటుంది. ఆన్సరింగ్ మెషీన్‌లో మెసేజ్, స్టేషన్‌లోనో షాపులోనో అనౌన్స్‌మెంట్, చిన్న చిన్న సంభాషణలు, ఇలాంటివే వస్తాయి. ప్రతిదీ రెండుసార్లు వినిపిస్తారు. ముందు ప్రశ్నలు చదువుకోవడానికి కాస్త టైమ్ ఇస్తారు. కొత్త పద్ధతిలో జవాబులు రాయక్కర్లేదు, టిక్ పెడితే చాలు. చాలా ప్రశ్నలకి ఆప్షన్లు బొమ్మలుగా ఉంటాయి.

"టిక్ పెట్టడమే కదా, ఇంక నోట్స్ ఎందుకు?" అని మా రూమ్మేట్ అడిగింది. కొంతవరకు నిజమే. సంభాషణని బొమ్మతో జతచేసే ప్రశ్నలకి, వస్తువు పేరు వినిపించిందా లేదా అని అడిగేవాటికి నోట్స్ అవసరం లేదు, విని అక్కడికక్కడే టిక్ పెట్టడమే. నోట్స్ కావలసింది మెసేజ్‌కీ అనౌన్స్‌మెంట్‌కీ. ఎందుకంటే వాటిలో అంకెలు ఉంటాయి. ఫ్రెంచ్ అంకెలు విన్న వెంటనే అర్థం కావు. అర్థమయ్యేదాకా ఆగితే తర్వాతి మాట పోతుంది. కాబట్టి విన్నదాన్ని ఎక్కడైనా దాచుకుని తర్వాత తీరిగ్గా విప్పుకోవాలి. నా లెక్కలో ఏ1 నోట్స్ అంటే ఇంతే, అర్థం కాని దాన్ని ఓ అర నిమిషం దాచిపెట్టుకునే చోటు.

దాచుకోవడానికి ఏ లిపి? నేను తెలుగు లిపికి వచ్చాను. ఇది అభిమానంతో అన్న మాట కాదు. ఫ్రెంచ్ స్పెల్లింగ్‌లో పలకని అక్షరాలు బోలెడు, అందుకే ఫ్రెంచ్‌లో రాయాలంటే ముందు ఆ మాట తెలిసి ఉండాలి. తెలుగులో రాయడానికి ఆ అవసరం లేదు, చెవికి ఎలా వినిపిస్తే అలా రాసేయొచ్చు. తేడా ఎంతో చూపించడానికి ఒక ఉదాహరణ.

ఫ్రెంచ్‌లో రెండు "దొ", పన్నెండు "దూజ్". విడివిడిగా వింటే ఎవరూ పొరబడరు. కానీ వెనక అచ్చుతో మొదలయ్యే మాట వస్తే, "దొ" చివర దాక్కున్న అక్షరం "జ" శబ్దంగా బయటికి వస్తుంది. మన సంధిలాంటిదే, వాళ్లు లియేజోఁ అంటారు. గంటలు అనే మాట "అర్", డబ్బు "ఒరో". రెండూ అచ్చుతోనే మొదలవుతాయి. కాబట్టి రెండు గంటలు "దొజర్", పన్నెండు గంటలు "దూజర్". రెండు యూరోలు "దొజొరో", పన్నెండు యూరోలు "దూజొరో". అలాగే మూడింటికి "త్రువాజర్", పదమూడింటికి "త్రేజర్". ఆరింటికి "సీజర్", పదహారింటికి "సేజర్". ఫ్రాన్స్‌లో అనౌన్స్‌మెంట్లు 24 గంటల లెక్కలో చెప్తారు కాబట్టి పదమూడు, పదహారు మామూలుగా వచ్చేవే. ప్రశ్న తయారుచేసేవాళ్లకీ ఈ జంటలు బాగా తెలుసు. 16కి పక్కన 6 ఆప్షన్‌గా కనిపిస్తే అది ఊరికే పెట్టింది కాదు.

మాక్ టెస్ట్‌లో నేను "జ" వినగానే కంగారుపడి 12 అని వేశాను. ఇప్పుడైతే అంకె వేయను. "దొజ" అనో "దూజ" అనో రాసి ముందుకి పోతాను. మెసేజ్ అయ్యాక ఆ రెండక్షరాలు చూస్తే అంకె తెలిసిపోతుంది. ఇక్కడొక జాగ్రత్త ఉంది. ఫ్రెంచ్ "దొ"లోని అచ్చు మన "ఒ" కాదు, పెదాలు గుండ్రంగా చుట్టి "ఎ" పలికితే వచ్చే శబ్దం. దానికి మనకి అక్షరం లేదు. మొదట్లో నేను దానికీ "దు" అనే రాశాను. అప్పుడు రెండూ పన్నెండూ ఒకటైపోయి, నోట్స్ ఉన్నా ఉపయోగం లేకపోయింది. మీరు "దొ" అని రాస్తారో "దె" అని రాస్తారో మీ ఇష్టం, కానీ ఒకటే పట్టుకోండి. పన్నెండుకి మాత్రం దీర్ఘం తప్పకుండా పెట్టండి.

ఇంకో సంగతి, సాహిత్యం క్లబ్‌వాళ్లకి నచ్చేది. ఫ్రెంచ్‌లో ముక్కుతో పలికే అచ్చులు ఉన్నాయి. "న్" పూర్తిగా పలకదు, అచ్చు మాత్రం ముక్కులోంచి వస్తుంది. దానికి మన పాత పుస్తకాల్లో కనిపించే అరసున్న చక్కగా సరిపోయింది. కజిన్ అబ్బాయైతే "కుజేఁ", అమ్మాయైతే "కుజీన్". అరసున్న ఉంటే అబ్బాయి, నిండు "న్" ఉంటే అమ్మాయి. పుట్టినరోజు ఎవరిది అని అడిగి అబ్బాయి బొమ్మా అమ్మాయి బొమ్మా పెడితే, జవాబు ఆ సున్నలోనే ఉంటుంది. స్కూల్లో అరసున్న ఎందుకురా బాబూ అనుకున్నదాన్ని, ఫ్రెంచ్ పేపర్ మీద దాన్ని గీస్తానని కలలో కూడా అనుకోలేదు.

ఇప్పుడు అసలు గండం, 70 నుంచి 99 వరకు. ఫ్రెంచ్‌లో అరవై "స్వాసాఁత్". డెబ్బైకి వేరే మాట లేదు, అరవై-పది అంటారు. డెబ్బై ఆరు అంటే అరవై-పదహారు. ఎనభై అంటే నాలుగు-ఇరవైలు, "కాత్ర్‌వేఁ". తొంభై ఎనిమిది అంటే నాలుగు-ఇరవై-పది-ఎనిమిది. (బెల్జియంలోనూ స్విట్జర్లాండ్‌లోనూ డెబ్బైకి, తొంభైకి విడిగా మాటలున్నాయి. ఎంత మంచివాళ్లో.) ఫోన్ నంబర్లేమో రెండేసి అంకెల జతలుగా చెప్తారు, ఒక్కో జతకి దాదాపు ఒక సెకను. "స్వాసాఁత్" వినగానే చెయ్యి 6 వేసేస్తుంది. వెంటనే "సేజ్" వినిపిస్తుంది. అయ్యో, అది 76 కదా అని 6 కొట్టేసి 7 వేసేలోపు తర్వాతి జత వెళ్లిపోతుంది. మాక్‌లో నాకు సరిగ్గా ఇదే జరిగింది.

దీనికి నేను పెట్టుకున్న గుర్తు చాలా చిన్నది. "స్వాసాఁత్" వినగానే "స", "కాత్ర్‌వేఁ" వినగానే "క". దాని పక్కన తర్వాత వినిపించిన అంకె ఉన్నదున్నట్టుగా. అంతే. స6 అంటే 66. స16 అంటే 60 + 16, అంటే 76. క8 అంటే 88. క18 అంటే 80 + 18, అంటే 98. వినేటప్పుడు కూడిక చేయకూడదు, ఆ పని పాజ్‌లో. మన భాషలో చెప్పాలంటే వచ్చిన డేటాని ముందు బఫర్‌లో వేసుకుని, ప్రాసెసింగ్ తర్వాత చేయడం. ఈ ఒక్క అలవాటు వల్లే నాకు ఫోన్ నంబర్ల మీద భయం పోయింది.

గుర్తుపెట్టుకోవాల్సిన చిక్కు ఒకటుంది. 66 "స్వాసాఁత్ సిస్", 76 "స్వాసాఁత్ సేజ్". ఒక అచ్చు, చివరి హల్లు మాత్రమే తేడా. కాబట్టి "స" రాశాక చెవి మొత్తం వెనక మాట చివర మీద పెట్టాలి. అది కూడా పట్టుకోలేకపోతే "స?" అని వదిలేయండి. రెండోసారి వినేటప్పుడు ఎక్కడ వినాలో ఆ ప్రశ్నార్థకమే చెప్తుంది.

టైమ్‌లో ఇలాంటిదే ఒకటి ఉంది కానీ అది మనకి సులువు. "సెతర్ మువేఁ ల కార్" అంటే ఏడు గంటలకి పావు తక్కువ. ఇంగ్లీష్‌లోంచి ఆలోచిస్తే తికమక, తెలుగులో మా అమ్మమ్మ రోజూ అనే "పావు తక్కువ ఏడు" అదే. "మువేఁ" వినగానే ముందు రాసిన 7 పక్కన మైనస్ పెడతాను. 7− అని చూడగానే 6:45 అని తెలిసిపోతుంది. మైనస్ పెట్టడం మర్చిపోతే 7:15 బొమ్మకి టిక్ పడుతుంది. ఆ బొమ్మ ఆప్షన్లలో ఉన్నా ఆశ్చర్యపోకండి.

ఇంక అంకెలు కాని మాటలు. వీటికి నాకు రెండే పద్ధతులు. విన్న మాట అర్థమైతే దాని శబ్దం రాయను, తెలుగులో ఒక అక్షరమో చిన్న బొమ్మో వేస్తాను. శనివారం "సామ్‌దీ" అని వినగానే అర్థమైపోతుంది, కాబట్టి "శ" చాలు. అర్థం కాని మాటైతే శబ్దం రాసుకుంటాను, తర్వాత చూసుకోవచ్చు. "పా" వినిపిస్తే ఇంటూ గుర్తు. ఫ్రెంచ్‌లో "కాదు" అనడానికి రెండు ముక్కలు ఉంటాయి. మాట్లాడేటప్పుడు మొదటి ముక్క తరచుగా మింగేస్తారు, మిగిలేది "పా" ఒక్కటే. షాపు అనౌన్స్‌మెంట్లలో "సోఫ్" అని ఇంకో మాట వస్తుంది, "తప్ప" అని అర్థం. మంగళవారం తప్ప అన్ని రోజులూ తెరిచి ఉంటుంది అంటే, చెవిలో గట్టిగా మిగిలేది మంగళవారమే. దానికీ ఇంటూనే. విన్న మాట ఆప్షన్లలో కనిపించగానే టిక్ పెట్టేసే అలవాటుకి ఈ ఇంటూ గుర్తే మందు.

అన్నీ కలిపి ఎలా ఉంటుందో ఒక మెసేజ్ మీద చూద్దాం. ప్రాక్టీస్ కోసం నేనే తయారుచేసుకున్నది.

"సాల్యూ లీనా, సె నికొలా. పూర్ లానివెర్సేర్ ద మా కుజీన్, రాఁదేవూ సామ్‌దీ ఆ సేజర్, దెవాఁ లా గార్, పా దెవాఁ ల సినెమా. ల కాదో కూత్ దూజొరో పార్ పెర్సన్. జే అఁ నూవో న్యుమెరో: జెరో సిస్, త్రాఁత్ నఫ్, కాత్ర్‌వేఁ దిజ్‌విత్, స్వాసాఁత్ సేజ్, దూజ్. ఆ సామ్‌దీ!"

అంటే నికొలా లీనాకి చెప్తున్నాడు: మా కజిన్ పుట్టినరోజుకి శనివారం పదహారు గంటలకి స్టేషన్ ముందు కలుద్దాం, సినిమా హాలు ముందు కాదు. గిఫ్ట్‌కి మనిషికి పన్నెండు యూరోలు. నాది కొత్త నంబర్, ఇదీ.

మెసేజ్ మొదలవకముందే పని ఉంది. ప్రశ్నలు చదివే టైమ్‌లో ప్రతి ప్రశ్న పక్కన ఏం వినాలో ఒక గుర్తు వేస్తాను. ఎప్పుడు అంటే చిన్న గడియారం, ఎక్కడ అంటే బాణం, ఎంత అంటే యూరో గుర్తు, ఎవరు అంటే పుల్ల మనిషి. ఆప్షన్లలో 6, 16, 18 గంటలు కనిపిస్తే "సీజర్, సేజర్, దిజ్‌వితర్" అని లోపల ఒకసారి పలుకుతాను. బొమ్మలుంటే వాటి ఫ్రెంచ్ పేర్లు కూడా. అప్పుడు చెవి కొత్త మాట కోసం వెతకదు, మూడింటిలో ఏది వస్తుందా అని మాత్రమే కాచుకుని ఉంటుంది.

మొదటిసారి విన్నాక ప్రశ్నల పక్కన నా రాతలు ఇలా ఉంటాయి: పుల్ల మనిషి పక్కన "కుజీన్", గడియారం పక్కన "శ సేజ", బాణం పక్కన "గార్" అని, దాని కింద "సిని" అని రాసి ఇంటూ. యూరో పక్కన "దూజ". నంబర్ దగ్గర "06 39 క18 స? 12". మొత్తం కలిపి పాతిక అక్షరాలు ఉండవు. పాజ్‌లో విప్పుకుంటాను. అమ్మాయి బొమ్మ, 16 గంటలు, స్టేషన్, 12 యూరోలు. క18 అంటే 98. నంబర్‌కి ఆప్షన్లు 66 12 అనీ, 76 12 అనీ, 76 02 అనీ ఉన్నాయనుకోండి. చివర "దూజ్" స్పష్టంగా విన్నాను, కాబట్టి మూడోది పోయింది. ఇక తేల్చుకోవాల్సింది ఒక్క అచ్చు, "సిస్"లో ఇ-నా, "సేజ్"లో ఏ-నా. రెండోసారి మెసేజ్ అంతా వింటున్నట్టే ఉంటాను కానీ నిజానికి ఆ ఒక్క చోటు కోసమే కాచుకుని ఉంటాను. "సేజ్". 76.

రెండోసారి వినేటప్పుడు నేను చేసిన పాత తప్పు ఇంకొకటి ఉంది. అనుమానం వచ్చి, సరిగ్గా పెట్టిన జవాబులు కూడా మార్చేదాన్ని. ఇప్పుడు నోట్స్‌లో రాసిన అక్షరం తప్పని కొత్తగా వినిపిస్తే తప్ప మార్చను. "ఏమో, 6 కూడా అయ్యుండొచ్చు" అనిపిస్తే సరిపోదు. "సేజ" అని రాసి ఉన్నప్పుడు 6 ఎక్కణ్ణుంచి వస్తుంది?

ప్రాక్టీస్ గురించి. రోజుకి పది నిమిషాలు మా రూమ్మేట్ నాకు అంకెలు చదివింది. తనకి ఫ్రెంచ్ రాదు, నేను తెలుగులో రాసిచ్చిన చీటీలు కలిపి చదివేది, అదే తెలుగు లిపికి ఇంకో లాభం. ఆ తర్వాత అసలు గొంతులు వినాలి, ఎందుకంటే మన ఉచ్చారణలో "దొ" కూడా "దూ" కూడా మరీ స్పష్టంగా ఉంటాయి, వాళ్లది అలా ఉండదు. శాంపిల్ పేపర్లకి ఆడియోతోపాటు అందులోని మాటలు అచ్చులో కూడా దొరుకుతాయి. జవాబు తప్పితే, ఆ అచ్చు పక్కన మీ నోట్స్ పెట్టి చూడండి. శబ్దం సరిగ్గా రాసి అర్థం తప్పుగా తీశారంటే అంకెలు ఇంకా నోటికి రాలేదని. శబ్దమే తప్పు రాశారంటే చెవికి పని చెప్పాలి. అక్కడ ఏమీ రాయలేదంటే దాని ముందు మాటని మీరు మరీ పొడుగ్గా రాసి ఉంటారు. నాకు మొదటి రెండు వారాలు ఎక్కువగా ఈ మూడోదే.

తెలుగు లిపి ఆదుకోని చోటూ ఉంది. "ఆఁ", "ఓఁ" రెండూ వేగంగా వింటే నాకు ఇప్పటికీ ఒకలాగే వినిపిస్తాయి. వినిపించనిదాన్ని ఏ లిపిలో మాత్రం రాస్తాం? పేర్లు అక్షరాలుగా విడదీసి చెప్పినా అంతే. ఇంగ్లీష్ "జి"ని ఫ్రెంచ్‌లో "జే" అంటారు, ఇంగ్లీష్ "జె"ని "జీ" అంటారు. సరిగ్గా తిరగేసినట్టు. తెలుగులో "జే" అని రాసుకున్నా, విప్పేటప్పుడు మన ఇంగ్లీష్ అలవాటు అడ్డం పడుతుంది. దానికి ఫ్రెంచ్ అక్షరమాల బట్టీ పట్టడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు.

అసలు పరీక్షలో లిజనింగ్‌కి 21 వచ్చాయి. పోయిన నాలుగులో కొన్ని ఒక అనౌన్స్‌మెంట్‌వి. అందులో అంకెలే లేవు, వాతావరణం గురించి ఏదో చెప్పారు. మార్జిన్‌లో శబ్దం రాసుకున్నాను కానీ ఆ మాటలే నాకు తెలియవు.

పెన్ను తీయండి, ఇవి విప్పి చూడండి: స11, క4, క14, స9, స19, క10. జవాబులు వరసగా 71, 84, 94, 69, 79, 90. స9కీ స19కీ తడబడితే, మా రూమ్మేట్‌లాంటివాళ్లని ఒకరిని వెతుక్కుని ఆ రెండే పదిసార్లు కలిపి చదివించుకోండి.